బ్రెడ్‌బోర్డు మీద హద్దు దాటని కూడిక: ప్రాజెక్టు డైరీ

శనివారం

మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, ఆర్డుయినో మెగా బోర్డుతో రెండు స్వరాలు తయారు చేసి, రెండింటినీ కూడి ఒకే స్పీకరులో వినిపించాలని చూశాడు. విడివిడిగా రెండూ చక్కగానే పలికాయి. కలపగానే మాత్రం వేడి పెనం మీద నీళ్లు చిలికినట్టు చిటపటలు. "మామయ్యా, స్పీకరు పోయిందా?" అని అడిగాడు. స్పీకరుకు ఏమీ కాలేదు. పోయింది కూడిక.

గుర్తుతో కూడిన సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో 8 బిట్లలో రాస్తే −128 నుంచి 127 వరకే చోటు ఉంటుంది. వాడి తరంగాలు ఒక్కొక్కటి 100 ఎత్తుకు వెళ్తున్నాయి. రెండు శిఖరాలూ ఒకేసారి వచ్చినప్పుడు మొత్తం 200 కావాలి. 200ను 8 బిట్ల గుర్తు సంఖ్యగా చదివితే అది 200 − 256, అంటే −56. స్పీకరు పొర బయటికి పూర్తిగా రావలసిన క్షణంలో ఒక్కసారిగా లోపలికి లాగేసినట్టు అవుతుంది. ఇది సెకనుకు కొన్ని పదుల సార్లు జరిగితే చెవికి చిటపటలే.

దీనికి మందు సంతృప్త సంకలనం. జవాబు 127 దాటితే 127 దగ్గరే ఆగాలి, −128 కన్నా కిందికి పోతే −128 దగ్గర ఆగాలి. ఉప్పు ఇక కరగని ద్రావణాన్ని రసాయన శాస్త్రంలో సంతృప్తం అన్నట్టే ఇక్కడా అనవచ్చు. ఎంత పోసినా అంతకు మించి పట్టదు. ప్రాసెసర్లలో దీనికి ఆదేశాలే ఉన్నాయి. ఇంటెల్ 1997లో తెచ్చిన ఎంఎంఎక్స్ ప్రాసెసర్లలో `PADDSB` ఆదేశం చేసేది ఇదే, ఒకేసారి ఎనిమిది బైట్ల మీద.

ప్రోగ్రాములో అయితే ఒక షరతు రాస్తే పని అయిపోతుంది. కానీ వాడికి ఈ ఏడు డిజిటల్ ఎలక్ట్రానిక్స్ ఉంది, నాకు కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న చిప్‌ల డబ్బా ఉంది. చిప్‌లతోనే కట్టాలని నిర్ణయించాం. దానికి తోడు శబ్దం ఎంత పెద్దగా ఉందో చూపే ఎల్ఈడీల వరుస కూడా కావాలన్నాడు. శబ్ద స్థాయి తెలియాలంటే సంఖ్యకు పరమ మూల్యం కావాలి, −90 అయినా 90 అయినా ఒకే ఎత్తు కాబట్టి. అలా పని రెండింతలు అయింది.

ఆదివారం

చిప్‌లు ముట్టకుండా ముందు లాజిసిమ్ అనే సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీశాం. యాడర్‌కు 74HC283 వాడాలని అనుకున్నాం. ఒక చిప్ 4 బిట్లు కూడుతుంది, రెండు కలిపితే 8. కింది చిప్‌లో క్యారీ బయటికి వచ్చే 9వ కాలును పై చిప్‌లో క్యారీ లోపలికి వెళ్లే 7వ కాలుకు కలపాలి.

ఓవర్‌ఫ్లోను, అంటే జవాబు హద్దు దాటడాన్ని, పట్టుకునే బాధ్యత మేనల్లుడు తీసుకున్నాడు. పై చిప్ నుంచి బయటికి వచ్చే క్యారీని, అంటే C8ను, నేరుగా ఓవర్‌ఫ్లో దీపానికి కట్టేశాడు. చాలామంది మొదట చేసే పొరపాటే ఇది, నేనూ చదువుకునే రోజుల్లో చేశాను. వాడిని ఆపకుండా 5 + (−3) ప్రయత్నించమన్నాను.

```
  0000 0101     5
+ 1111 1101    -3
1 0000 0010     2
```

జవాబు 2, సరైనదే. అయినా C8 వెలిగింది. తర్వాత 100 + 50 వేశాం.

```
  0110 0100   100
+ 0011 0010    50
0 1001 0110  -106
```

ఇక్కడ జవాబు పూర్తిగా తప్పు, C8 మాత్రం ఆరిపోయి ఉంది. C8 గుర్తు లేని సంఖ్యలకు సంబంధించిన సంగతి. గుర్తు ఉన్న సంఖ్యలకు ఓవర్‌ఫ్లో అంటే, గుర్తు బిట్టు లోపలికి వచ్చిన క్యారీ, దాని నుంచి బయటికి పోయిన క్యారీ వేరువేరుగా ఉండడం. పుస్తకంలో V = C7 xor C8 అని రాసి ఉంటుంది: V ఓవర్‌ఫ్లో, C7 లోపలికి వచ్చిన క్యారీ, రెండూ వేరైతేనే xor 1 ఇస్తుంది.

ఇక్కడే చిక్కు. C7 ఆ చిప్ కడుపులో ఉంటుంది. 74HC283కు ఉన్న 16 కాళ్లలో చివరి క్యారీకి మాత్రమే కాలు ఉంది, నడుమ క్యారీలకు లేదు. నాలుగు విడి ఫుల్ యాడర్లు గేట్లతో కట్టుకుంటే C7 చేతికి వస్తుంది, కానీ ఆ తీగల అడవిలోకి వెళ్లే ఓపిక నాకు లేదు.

రెండో దారి, గుర్తులు పోల్చడం. కూడే సంఖ్యలు A, B రెండింటికీ ఒకే గుర్తు ఉండి, జవాబు Sకు వేరే గుర్తు వస్తే ఓవర్‌ఫ్లో. దీనికి ఎక్సార్, ఆండ్ రెండు రకాల గేట్లు కావాలి, అంటే రెండు చిప్‌లలో కొంచెం కొంచెం. ఒక చిప్‌లో ముప్పావు వంతు వాడకుండా వదిలేయడం నాకు ఇష్టం ఉండదు.

రాత్రి భోజనం చేస్తుండగా తట్టింది. గుర్తు బిట్టు దగ్గర జరిగే కూడిక S7 = A7 xor B7 xor C7. A7, B7, S7 మూడూ మన చేతిలో ఉన్నవే. ఎక్సార్‌లో ఏది అటు మార్చినా ఇటు మార్చినా ఒక్కటే కాబట్టి C7 = A7 xor B7 xor S7. చిప్ కడుపులో దాగిన క్యారీని బయటి నుంచే లెక్క కట్టవచ్చు. దానికి C8 కలిపితే:

```
V = A7 xor B7 xor S7 xor C8
```

మూడు ఎక్సార్ గేట్లు. ఒక 74HC86లో నాలుగు ఉంటాయి. 100 + 50కు 0, 0, 1, 0: V = 1. 5 + (−3)కు 0, 1, 0, 1: V = 0. రెండూ సరిపోయాయి.

సోమవారం రాత్రి

V వెలిగినప్పుడు జవాబు బదులు హద్దు సంఖ్యను పంపాలి. అందుకు మల్టీప్లెక్సర్, 74HC157. ఒక చిప్ 4 బిట్లకు సరిపోతుంది, రెండు కావాలి. ఎంపిక కాలు V. V సున్నా అయితే యాడర్ జవాబు, ఒకటి అయితే హద్దు.

కానీ హద్దు ఒకటి కాదు, రెండు ఉన్నాయి: 0111 1111, 1000 0000. ఏది పంపాలో తేల్చడానికి మేనల్లుడు ఇంకో మల్టీప్లెక్సర్ జత గీశాడు. పని చేస్తుంది, కానీ నాలుగు చిప్‌లు. నేను ఆ రెండు హద్దులను ఒకదాని కింద ఒకటి రాసి చూడమన్నాను. పై బిట్టు ఒక రకం, మిగతా ఏడూ దానికి తలకిందులు. అంటే అసలు గుర్తు తెలిస్తే హద్దు మొత్తం తెలిసినట్టే. ఓవర్‌ఫ్లో అయిందంటే A, B రెండింటికీ ఒకే గుర్తు ఉన్నట్టు, కాబట్టి అసలు గుర్తు A7. పై బిట్టుకు A7, మిగతా ఏడింటికీ A7ను తిరగేసి ఇవ్వాలి. తిరగేయడానికి ఒక నాట్ గేటు కావాలి.

"తిరగేసినది మన దగ్గర ఇప్పటికే ఉంది కదా మామయ్యా" అన్నాడు వాడు.

నిజమే, నేను గమనించలేదు. ఓవర్‌ఫ్లో అయినప్పుడు S7 తప్పు గుర్తు చూపిస్తుంది. తప్పు అంటే అసలు గుర్తుకు తలకిందులు. మనకు కావలసింది అదే. ఏడు కింది బిట్లకూ నేరుగా S7 కట్టేస్తే చాలు. 100 + 50లో S7 = 1, కాబట్టి ఏడు ఒకట్లు; పైన A7 = 0. 0111 1111, అంటే 127. (−100) + (−50) చూద్దాం:

```
  1001 1100  -100
+ 1100 1110   -50
1 0110 1010   106
```

A7, B7, C8 ఒకట్లు, S7 సున్నా, V = 1. పైన ఒకటి, కింద ఏడు సున్నాలు, −128. ఒక్క గేటు కూడా అదనంగా పడలేదు. తప్పు జవాబులోని తప్పు బిట్టే సరైన జవాబును నింపుతోంది. సంతృప్త సంకలనం మొత్తం ఐదు చిప్‌లలో ముగిసింది: యాడర్లు రెండు, ఎక్సార్ ఒకటి, మల్టీప్లెక్సర్లు రెండు.

చిక్కైన కొసలు కూడా లాజిసిమ్‌లో చూశాం. (−64) + (−64) సరిగ్గా −128, ఇక్కడ V వెలగకూడదు, వెలగలేదు. (−128) + (−128)కు యాడర్ జవాబు నిండు సున్నా. అమాయకంగా కనిపించే ఈ సున్నా అన్నిటికన్నా ప్రమాదకరం. V వెలిగి −128 వచ్చింది.

బుధవారం

బ్రెడ్‌బోర్డు మీదికి దిగాం. రెండు డిప్ స్విచ్‌లు A, Bలకు, ఎనిమిది ఎల్ఈడీలు జవాబుకు, ఒక ఎర్ర ఎల్ఈడీ Vకి. ప్రతి ఎల్ఈడీకి 1 కిలో ఓం రెసిస్టర్, ప్రతి చిప్ పక్కన 100 నానోఫారడ్ కెపాసిటర్.

మొదటి అరగంట జవాబు ఎప్పుడూ సున్నానే. 74HC157లో 15వ కాలును నేలకు కట్టడం మరిచాను. ఆ కాలు పైన ఉంటే నాలుగు అవుట్‌పుట్లూ సున్నా అవుతాయి. కట్టగానే ప్రాణం వచ్చింది.

రెండో లోపం మొండిది. 3 + 4 కొన్నిసార్లు 7, కొన్నిసార్లు 23. తేడా 16, అంటే ఎక్కడో, సున్నా నుంచి లెక్కిస్తే, నాలుగో బిట్టు దానంతట అదే వెలుగుతోంది. బోర్డు మీద చేయి ఆడిస్తే జవాబు మారుతోంది. మల్టీమీటర్ కొనను ఆ బిట్టు కాలుకు ఆనించగానే మాత్రం బుద్ధిగా 7 చూపిస్తుంది. కొన తీస్తే మళ్లీ మామూలే.

కొలిస్తే మాయమయ్యే లోపం అంటే దాదాపు ఎప్పుడూ గాలిలో వేలాడే ఇన్‌పుట్టే. డిప్ స్విచ్ మూసినప్పుడు కాలును 5 వోల్టులకు కలుపుతుంది, తెరిచినప్పుడు దేనికీ కలపదు. అప్పుడు కాలును నేలకు లాగడానికి 10 కిలో ఓం రెసిస్టర్ ఉండాలి. పదహారు పెట్టామని అనుకున్నాం, లెక్కిస్తే పదిహేనే. హెచ్‌సీ రకం చిప్‌ల ఇన్‌పుట్లు అసలు కరెంటు తాగవు. అందుకే చేతి నుంచి వచ్చే కాస్త విద్యుత్తు కూడా వాటిని ఊపేస్తుంది. మీటర్ లోపలి నిరోధం మెగా ఓంలలో ఉన్నా, అదే ఆ కాలును నేలకు లాగడానికి సరిపోయింది. పదహారో రెసిస్టర్ పెట్టాక గొడవ తీరింది.

శుక్రవారం

ఇక పరమ మూల్యం. రుణ సంఖ్యను ధనంగా మార్చాలంటే అన్ని బిట్లనూ తిరగేసి ఒకటి కూడాలి. ధన సంఖ్య అయితే ముట్టకూడదు. పాఠాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతిలో −x ఒక దారిలో తయారు చేసి, x, −x రెండింటినీ మల్టీప్లెక్సర్‌కు ఇచ్చి, గుర్తు బిట్టుతో ఎంచుకుంటారు. తప్పు లేదు, కానీ మల్టీప్లెక్సర్ దండగ. ఎక్సార్ గేటు తనంతట తానే ఎంపిక చేసుకునే నాట్ గేటు. ఒక కాలు సున్నా అయితే రెండో కాలును అలాగే పంపుతుంది, ఒకటి అయితే తిరగేసి పంపుతుంది. ఎనిమిది బిట్లనూ గుర్తు బిట్టుతో ఎక్సార్ చేసి, అదే గుర్తు బిట్టును యాడర్ 7వ కాలుకు క్యారీగా ఇస్తే, తిరగేయడం, ఒకటి కూడడం రెండూ రుణ సంఖ్యలకు మాత్రమే జరుగుతాయి. యాడర్ B వైపు మొత్తం నేలకు.

−90 ఇస్తే 90. −1 ఇస్తే 1. 0 ఇస్తే 0. −128 ఇస్తే −128.

ఎందుకంటే +128కు ఈ 8 బిట్లలో చోటు లేదు. 1000 0000ను తిరగేస్తే 0111 1111, ఒకటి కూడితే మళ్లీ 1000 0000. దీన్ని గుర్తు లేని సంఖ్యగా చదివితే 128, అంటే సరైనదే. ఆర్మ్ ప్రాసెసర్లలో ఈ రెండు దారులకూ వేర్వేరు ఆదేశాలు ఉన్నాయి. `VABS` ఈ బిట్లను ఇలాగే వదిలేస్తుంది, `VQABS` 127కు కట్టేస్తుంది. మాకు రెండోదే కావాలి. తర్వాత వచ్చే పోలిక గుర్తు సంఖ్యలతోనే జరుగుతుంది కాబట్టి, అన్నిటికన్నా పెద్ద శబ్దం అన్నిటికన్నా చిన్నదిగా కనిపించి దీపాలన్నీ ఆరిపోతాయి.

నాకు ఒక తెలివి పుట్టింది. జవాబులో పై బిట్టు R7 ఒకటి అయ్యేది ఈ ఒక్క సంఖ్యకే. తిరగేసిన 0111 1111 దగ్గరే ఆగిపోతే అదే 127 కదా, ఒకటి కూడకుండా ఉంటే చాలు. కాబట్టి R7 వెలిగితే లోపలి క్యారీని ఆపేద్దాం. ఒక ఆండ్ గేటు, ఒక నాట్ గేటు. తీగలు కట్టి ఒక్కొక్కటే ఇచ్చి చూశాం. 127, 1, −1, −127, అన్నీ సరిగ్గా వచ్చాయి. −128 ఇవ్వగానే ఎనిమిది ఎల్ఈడీలూ మసకగా వెలిగాయి. పూర్తిగా వెలగవు, పూర్తిగా ఆరవు. కరెంటు తగ్గిందేమోనని మేనల్లుడు సప్లై వైపు చూశాడు. నేను మాత్రం తల పట్టుకున్నాను.

R7 వెలిగితే క్యారీ ఆగుతుంది. క్యారీ ఆగితే జవాబు 0111 1111, అంటే R7 ఆరిపోతుంది. R7 ఆరితే క్యారీ మళ్లీ వస్తుంది, R7 మళ్లీ వెలుగుతుంది. తన తోకను తానే తరిమే కుక్క. ఈ రెండు స్థితుల మధ్య ఎనిమిది బిట్లూ మారతాయి, అందుకే ఎనిమిదీ సమానంగా మసకబారాయి. లాజిసిమ్‌లో అదే గీస్తే `Oscillation apparent` అని ఎర్ర అక్షరాలతో చెప్పేసింది. ముందే గీసి చూసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది. ఇలాంటి వలయంలో పీడించే సంగతి ఏమిటంటే, 256 సంఖ్యల్లో 255కు ఇది ఏ తేడా లేకుండా పనిచేస్తుంది.

అవుట్‌పుట్‌ను అదే యాడర్ ఇన్‌పుట్‌కు తిప్పకుండా ముందుకే పంపాలి. అంటే యాడర్ తర్వాత మల్టీప్లెక్సర్, ఎంపిక R7.

మరుసటి శనివారం

ఉదయం కాఫీ తాగుతూ ఆ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టాను. పరమ మూల్యం బొమ్మలో యాడర్, తర్వాత హద్దుకు కట్టే మల్టీప్లెక్సర్. కూడిక బొమ్మలోనూ అవే. పరమ మూల్యం నిజానికి తిరగేసిన x, సున్నా, ఒక క్యారీ, ఈ మూడింటి కూడికే. −128 దగ్గర జరిగేది మామూలు ఓవర్‌ఫ్లోనే: 127 + 0 + 1. A7 = 0, B7 = 0, S7 = 1, C8 = 0, కాబట్టి V = 1. మల్టీప్లెక్సర్ పై బిట్టుకు A7 అయిన సున్నాను, కింది ఏడింటికి S7 అయిన ఒకటిని ఇస్తుంది: 127. సోమవారం కట్టిన హద్దు భాగమే ఏ మార్పూ లేకుండా ఈ పనికీ సరిపోతుంది.

కాబట్టి రెండు బోర్డులు అక్కర్లేదు. M అనే ఒక తీగ చాలు. M సున్నా అయితే కూడిక, ఒకటి అయితే పరమ మూల్యం. A7, M రెండింటినీ ఆండ్ చేస్తే s వస్తుంది. అది A వైపు ఎక్సార్ గేట్లకూ, యాడర్ లోపలి క్యారీకీ వెళ్తుంది. B వైపు ఇంకో 74HC157 జత, M ఒకటి అయితే B బదులు సున్నాలు పంపుతుంది. జాగ్రత్త ఒక్కటే: V లెక్కకూ, మల్టీప్లెక్సర్‌కూ ఇచ్చే A7, B7 యాడర్‌లోకి వెళ్లేవి కావాలి, స్విచ్ దగ్గరివి కాదు. మేము ఒకసారి స్విచ్ దగ్గరి A7 తీసుకున్నాం. అప్పుడు రుణ సంఖ్యలన్నిటికీ V తలకిందులైపోయింది. −90కి V వెలిగి −128 వచ్చింది.

చిప్‌ల లెక్క: యాడర్లు 2, ఎక్సార్‌లు 3, మల్టీప్లెక్సర్లు 4, ఆండ్ 1. మొత్తం పది. ఎక్సార్ గేట్లు పన్నెండులో పదకొండు ఖర్చయ్యాయి.

ఆదివారం

స్విచ్‌లు తిప్పి పరీక్షించడానికి హద్దు ఉంటుంది. A, B జతలు 65,536. మెగా బోర్డును పరీక్షకుడిగా పెట్టాం. దాని ఒక్కో పోర్టులో 8 కాళ్లు ఉంటాయి: Aకు `PORTA`, Bకి `PORTC`, జవాబు చదవడానికి `PINL`.

```
for (int a = -128; a < 128; a++)
  for (int b = -128; b < 128; b++) {
    PORTA = (uint8_t)a;
    PORTC = (uint8_t)b;
    delayMicroseconds(2);
    int8_t got = (int8_t)PINL;
    int want = constrain(a + b, -128, 127);
    if (got != want) bad++;
  }
```

మొదటిసారి నడిపితే తప్పుల సంఖ్య మైనస్‌లో వచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. `bad`ను `int` అని ప్రకటించాడు మేనల్లుడు. ఈ బోర్డులో `int` అంటే 16 బిట్లు, 32,767 దాటితే అది కూడా చుట్టు తిరిగి మైనస్‌లోకి పోతుంది. ఓవర్‌ఫ్లోను పట్టుకోవడానికి రాసిన ప్రోగ్రామే ఓవర్‌ఫ్లో అయింది. `long` చేశాక సంఖ్య ధనమైంది, కానీ చాలా పెద్దది.

ఏది తప్పో తెలుసుకోవడానికి Aను సున్నా దగ్గర ఆపి, Bని మాత్రమే తిప్పాం. 256లో 240 తప్పు, 16 ఒప్పు. ఒప్పు వచ్చినవి 0, 24, −1 లాంటివి. వాటిని బిట్లలో రాస్తే అన్నీ అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉన్నాయి. వికటకవి సంఖ్యలు! అంటే B తీగల వరుస తిరగబడింది. మెగా బోర్డులో `PORTA` 22వ కాలు నుంచి 29 దాకా ఎక్కుతూ వెళ్తుంది. `PORTC` మాత్రం 37వ కాలు దగ్గర మొదలై 30 దాకా దిగుతుంది. `PORTL` కూడా అంతే, 49 నుంచి 42కు. L వైపు చూసుకుని కట్టాం, C వైపు చూసుకోలేదు. ఎనిమిది తీగలు తిప్పాక తప్పులు సున్నా.

ఆ సున్నాను నేను వెంటనే నమ్మలేదు. V తీగను కూడా ఒక కాలుకు కలిపి, అది ఎన్నిసార్లు వెలిగిందో లెక్కించమన్నాను. ఎన్ని రావాలో కాగితం మీద ముందే వేసుకున్నాం. 127 దాటే జతలు 8,128, −128 కన్నా కిందికి పోయేవి 8,256. రుణం వైపు ఒక సంఖ్య ఎక్కువ ఉన్నందుకు ఆ తేడా. రెండూ కలిపితే 16,384, మొత్తం జతల్లో సరిగ్గా నాలుగో వంతు. బోర్డు కూడా అదే చెప్పింది. (8,128 పరిపూర్ణ సంఖ్య కూడా, తనను మినహాయించి మిగతా భాజకాలన్నిటి మొత్తానికి సమానం. ఇక్కడ దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు, కానీ కనిపించినప్పుడు సంతోషం వేసింది.)

తర్వాత M పైకి ఎత్తి 256 సంఖ్యలూ చూశాం. తప్పులు సున్నా, V ఒక్కసారే.

ఆ రెండు మైక్రోసెకన్ల ఆగడం అవసరం. A, B మారగానే క్యారీ రెండు చిప్‌లూ దాటి, మూడు ఎక్సార్‌లూ దాటి మల్టీప్లెక్సర్ ఎంపిక కాలుకు చేరేలోపు, జవాబు బిట్లు ముందే వచ్చి ఉంటాయి. ఆ కొన్ని పదుల నానోసెకన్ల పాటు చుట్టు తిరిగిన తప్పు సంఖ్యో, అక్కర్లేని 127నో బయటికి కనిపించవచ్చు. ఎల్ఈడీకి అది తెలియదు. స్పీకరుకు పంపేటప్పుడు మాత్రం నడుమ 74HC574 రిజిస్టర్ పెట్టి, అంతా కుదురుకున్నాకే పట్టుకోవాలి. మాకు అది ఎలాగూ కావాలి. ఒక్కో నమూనాకు మెగా ముందు M = 0తో కూడిక చేయించి రిజిస్టర్‌లో బంధిస్తుంది, ఆ తర్వాత M = 1తో అదే జవాబుకు పరమ మూల్యం తీసి దీపాల వరుసకు ఇస్తుంది. రిజిస్టర్ లేకపోతే పరమ మూల్యం కూడా స్పీకరులో వినిపిస్తుంది.

మంగళవారం

రిజిస్టర్ తర్వాత సంఖ్యను వోల్టేజీగా మార్చే 10, 20 కిలో ఓం రెసిస్టర్ల నిచ్చెన, దాని తర్వాత చిన్న యాంప్లిఫయర్. నిచ్చెనకు గుర్తు తెలియదు, 0 నుంచి 255 వరకే తెలుసు. పై బిట్టును తిరగేస్తే −128 సున్నా అవుతుంది, 127 కాస్తా 255 అవుతుంది. తిరగేయడానికి మిగిలిన పన్నెండో ఎక్సార్ పనికివచ్చింది, ఒక కాలు 5 వోల్టులకు కట్టి.

మేనల్లుడు V తీగను మల్టీప్లెక్సర్ల నుంచి ఊడదీసి, ఎంపిక కాళ్లను నేలకు పెట్టాడు. పాత చిటపటలు. V తీగ తిరిగి పెట్టాడు. రెండు స్వరాలు, శిఖరాల దగ్గర కొంచెం గరుకుగా. ఆ గరుకు పోదు. 200ను 127 దగ్గర కోస్తే తరంగం తల చదునవుతుంది, చదును తల అంటే కొత్త స్వరాలు చేరడమే. గరుకు వద్దనుకుంటే కూడడానికి ముందే రెండింటినీ సగం చేయాలి.

ఊరుకోకుండా వాడు మూడో స్వరం కలిపాడు, జవాబును మళ్లీ A వైపు పంపి. వరుస మార్చి కలిపితే శబ్దం మారుతోందని అరగంట వాదించాడు. నిజమే. 100, 50, −60 తీసుకోండి. ముందు 100 + 50 చేస్తే 127 దగ్గర ఆగుతుంది, దాని నుంచి 60 తీస్తే 67. ముందు 50 + (−60) చేస్తే −10, దానికి 100 కలిపితే 90. మామూలు కూడికలో ఏ వరుసలో కూడినా ఒక్కటే, సంతృప్త సంకలనంలో అది చెల్లదు. విచిత్రం ఏమిటంటే, చుట్టు తిరిగే పాత కూడికే ఇక్కడ 90 ఇస్తుంది. మధ్యలో −106కు పోయినా, చివరికి హద్దు లోపలికి తిరిగి వస్తుంది.

కాబట్టి మూడు స్వరాలకు ప్రతి మెట్టులోనూ కోయకూడదు. 10 బిట్ల వెడల్పులో కోత లేకుండా మొత్తం కూడి, చివర ఒక్కసారి 8 బిట్లకు కోయాలి. మూడో 74HC283 కావాలి. ఓవర్‌ఫ్లో లెక్క కూడా మారుతుంది: పై మూడు బిట్లు 9, 8, 7 ఒకేలా ఉంటే జవాబు హద్దులోపలే, లేకపోతే బయట. అసలు గుర్తు ఇప్పుడు 9వ బిట్టు, అది ఎప్పుడూ నిజమే చెబుతుంది. తప్పు బిట్టుతో కింది ఏడింటిని నింపే ఉపాయం ఇక పనిచేయదు, 9వ బిట్టును తిరగేయాల్సిందే. ఎక్సార్‌లు పన్నెండుకు పన్నెండూ అయిపోయాయి. పోలికకు రెండు, తిరగేయడానికి ఒకటి, అంటే ఇంకో 74HC86 కావాలి, పోలికలు రెండింటినీ కలపడానికి ఒక 74HC32 కూడా. శనివారం కోఠి వెళ్తాం.